రీసెర్చ్ టాపిక్ కోసం గ్యాప్ మ్యాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి పీజీ డిసర్టేషన్‌కో, పీహెచ్‌డీ సినాప్సిస్‌కో టాపిక్ వెతుక్కుంటూ వచ్చే మన తెలుగు పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలివి. అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను, చోళ్ళు. కోస్తాలో రాగులంటారు, తెలంగాణలో తైదలు, ఒడియాలో మాండియా. మన ఇళ్ళలో చోళ్ళే కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మీ సబ్జెక్ట్ వేరైనా పద్ధతి ఇదే.

గ్యాప్ అంటే ఇప్పటిదాకా ఎవరూ చేయని పనే కదా?

ఎవరూ చేయని పనులకు లెక్కేముంది? గుణుపురం సంతలో చోళ్ళ బస్తాలు ఏ రంగులో ఉంటాయో ఎవరూ థీసిస్ రాయలేదు. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి రాయలేదు. దాన్ని గ్యాప్ అనరు.

ఒక ప్రశ్నకు జవాబు ఎవరికో కావాలి. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పక్కపక్కన పెట్టుకున్నా ఆ జవాబు దొరకడం లేదు. ఈ రెండూ కలిసిన చోటే గ్యాప్ ఉంటుంది. అందుకని ముందు ఉన్నవాటిని ఒక పట్టికలో సర్దుతాం. ఎక్కడ కుప్పపడ్డాయి, ఎక్కడ పలచబడ్డాయి చూస్తాం. తర్వాత ఖాళీగా కనిపించిన ప్రతి గడి దగ్గరా ఆగి, ఇది ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతాం. చాలామంది మొదటి రెండూ చేసి మూడోది వదిలేస్తారు. సినాప్సిస్ వెనక్కి రావడానికి నేను చూసిన కారణాల్లో పెద్దది అదే.

మ్యాప్ అంటున్నారు, బొమ్మేదైనా గీయాలా?

అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు. అంతర్జాతీయ అభివృద్ధి రంగంలో త్రీ-ఐ-ఈ అనే సంస్థ చేసే గ్యాప్ మ్యాపుల్లో గడుల్లో రంగు బుడగలుంటాయి, చూడ్డానికి బాగుంటాయి. అడుగున ఉన్నది మాత్రం పట్టికే. అడ్డ వరసలో ఒక విషయం, నిలువు వరసలో ఇంకొకటి, గడిలో అధ్యయనాల సంఖ్య.

సబ్జెక్ట్‌ను ఎంత చిన్నది చేసుకుని మొదలుపెట్టాలి?

"మిల్లెట్స్" అని మొదలుపెడితే వేలకొద్దీ పేపర్లు వచ్చి మీద పడతాయి. "కాశీపూర్ బ్లాకులో చోళ్ళు" అంటే రెండో మూడో దొరుకుతాయి, ఆ పట్టికలో ఎక్కడ చూసినా ఖాళీయే. రెండు రకాలుగానూ మ్యాప్ పనికిరాదు. ఒక్కరే కూర్చుని నెలన్నరలో చేసే పనైతే, వడపోత అయ్యాక చేతిలో 30 నుంచి 80 అధ్యయనాలు మిగిలేలా చూసుకోమంటాను. ఇది నా అలవాటు లెక్క, ఏ రూలు బుక్కులోనూ లేదు.

ఎక్కువ వస్తే పంటనో కాలాన్నో కుదించండి. తక్కువ వస్తే పంటను అలాగే ఉంచి స్థలాన్ని పెంచండి. మనకైతే దక్షిణ ఒడిశాతో పాటు సరిహద్దుకి అవతల శ్రీకాకుళం, పార్వతీపురం, అరకు వైపు ఏజెన్సీని కలుపుకోవడం న్యాయం. కొండలూ పంటా ఒకటే, గీత గీసింది ప్రభుత్వాలు. పేపర్లు మాత్రం ఆ గీత దగ్గర నిజంగానే ఆగిపోతాయి. అవతలివాళ్ళ రిఫరెన్సుల్లో ఇవతలివాళ్ళు కనబడరు, ఇవతలివాళ్ళ రిఫరెన్సుల్లో అవతలివాళ్ళూ అంతే.

ఏ పేర్లతో వెతకాలి? "రాయగడ, రాగి" అని కొడితే ఏమీ రావడం లేదు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. రాయగడ జిల్లాలో చోళ్ళ సాగు మీద 1990కి ముందు అధ్యయనాలేవీ లేవని నా సినాప్సిస్‌లో ధీమాగా రాశాను. కమిటీలో ఒక పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "అమ్మా, అప్పుడు రాయగడ జిల్లాయే లేదు కదా, కోరాపుట్ అని వెతికావా?" అన్నారు. వెతకలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది.

రాయగడ, మల్కనగిరి, నబరంగ్‌పూర్ జిల్లాలు 1992లో కోరాపుట్ నుంచి విడిపోయాయి. గజపతి జిల్లా అదే ఏడాది గంజాం నుంచి విడిపోయింది. అంతకు ముందు పర్లాకిమిడి మీద జరిగిన పని గంజాం పేరుతో ఉంటుంది. గుణుపురం మీద జరిగినది కోరాపుట్ పేరుతో ఉంటుంది. ఇంకా వెనక్కి వెళితే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కాకముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కోరాపుట్ కొండల సంగతులు విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో దొరుకుతాయి. రాష్ట్రం పేరు ఇంగ్లీషు స్పెల్లింగు 2011లో మారింది, కాబట్టి `Odisha` అని మాత్రమే కొడితే అంతకు ముందు `Orissa` అని అచ్చయినవి చాలావరకు జారిపోతాయి.

అవతలి వైపూ ఇదే తంతు. పార్వతీపురం మన్యం జిల్లా 2022లో వచ్చింది. విజయనగరం 1979లో వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ వైపు నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, గడ్చిరోలి 1982లో చంద్రపూర్ నుంచి విడిందనీ, ఆ చంద్రపూర్ పాత కాగితాల్లో `Chanda` అని ఉంటుందనీ గుర్తుంచుకోండి.

ఊరి పేర్లు ఇంకో తలనొప్పి. మనం బరంపురం అంటాం, పేపర్లలో `Berhampur` అనీ `Brahmapur` అనీ ఉంటుంది. పర్లాకిమిడికి కనీసం మూడు స్పెల్లింగులున్నాయి. సవరలను `Savara`, `Saora`, `Sora`, `Soura` అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. పంటకూ అంతే. వ్యవసాయ శాస్త్రవేత్తలు లాటిన్ పేరు వాడతారు, ఆర్థికశాస్త్రం వాళ్ళు రాగి అంటారు, ఒడిశాలో ఊళ్ళు తిరిగి రాసినవాళ్ళు మాండియా అంటారు.

కాబట్టి వెతకడం మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద పేర్లన్నీ రాసుకుని, ఇలా కలపండి:

```
("finger millet" OR ragi OR mandia OR "Eleusine coracana")
(Rayagada OR Koraput OR Gajapati OR Ganjam)
```

ఒకే పెట్టెలో అన్నీ కుక్కకుండా, స్థలాల పేర్లను మూడు నాలుగు విడతలుగా మార్చి కొట్టండి. ఏ తేదీన ఏ పదాలు కొట్టారో, ఎన్ని వచ్చాయో షీటులో రెండో ట్యాబ్‌లో రాసుకోండి. కమిటీలో ఎవరైనా "ఎలా వెతికావు?" అంటే ఆ ట్యాబ్ చూపించొచ్చు.

గూగుల్ స్కాలర్ ఒక్కటి చాలదా?

మొదలుపెట్టడానికి చాలు. అది ఎన్ని వేలు దొరికాయని చెప్పినా చూపించేది మొదటి 1000 మాత్రమే, ఆ వరస కూడా దాని ఇష్టం. అంతకంటే ముఖ్యమైన సంగతి, మన ప్రాంతం మీద జరిగిన పనిలో పెద్ద వాటా జర్నళ్ళ దాకా వెళ్ళకుండా థీసిస్‌ల్లోనే ఉండిపోయింది. అందుకని రెండు చోట్లు తప్పనిసరి. ఒకటి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ, అందులో యూనివర్సిటీ థీసిస్‌లుంటాయి. రెండోది కృషికోశ్, వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు అందులో ఉంటాయి. చోళ్ళ గురించి వెతికేవాళ్ళు కృషికోశ్ చూడకపోతే సగం మ్యాప్ లేనట్టే.

శోధ్‌గంగలో లేదంటే లోకంలో లేదని కాదు. ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలన్న యూజీసీ నిబంధన 2009లో వచ్చింది. పాతవాటిలో కొన్నే ఎక్కాయి. బరంపురం యూనివర్సిటీ 1967 నుంచీ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ 1926 నుంచీ ఉంది. ఆ లైబ్రరీల్లో అట్ట చిరిగిన థీసిస్‌లు చూడాలంటే బస్సెక్కాలి, వేరే దారి లేదు. ఒక్కరోజు పెట్టుకుంటే చాలు. మీ సబ్జెక్ట్ బీరువా ముందు నిలబడి వెన్నెముకల మీద పేర్లు చదివితే, స్క్రీన్ మీద ఎన్నడూ కనిపించనివి రెండో మూడో దొరుకుతాయి.

ఇవి కాక గొలుసు పద్ధతి ఉంది. మీకు దొరికిన మంచి పేపర్లు అయిదింటిని తీసుకుని, వాటి చివర రిఫరెన్సుల్లో మీ ప్రాంతానివేమున్నాయో చూడండి. తర్వాత గూగుల్ స్కాలర్‌లో ఆ పేపరు కింద ఉండే `Cited by` నొక్కి, దాన్ని తర్వాత ఎవరు వాడుకున్నారో చూడండి. వెనక్కీ ముందుకీ రెండు వైపులా వెళ్ళాలి. రెండు మూడు విడతలయ్యాక అవే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆపేయొచ్చు.

అన్నీ పూర్తిగా చదవాలా?

వద్దు. ముందు టైటిల్, తర్వాత అబ్‌స్ట్రాక్ట్, అందులో నిలబడ్డవాటికే పద్ధతి భాగం. ముగింపు కంటే పద్ధతి భాగం నాకు ముఖ్యం. ఎక్కడ చేశారు, ఎందరి దగ్గర, ఏ నెలలో, దేన్ని కొలిచారు అన్నవి అక్కడే తెలుస్తాయి. ఒక్కో పేపరుకి ఇరవై నిమిషాలు దాటితే మీరు మ్యాప్ చేయడం మానేసి చదువుకుంటున్నారన్నమాట. చదువుకోవడం మంచిదే, దాని వంతు తర్వాత.

షీటులో ఎనిమిది నిలువు వరసలు పెట్టండి: రచయిత-సంవత్సరం, పేపరులో రాసినట్టే స్థలం, పంట, దశ, ఆధారం రకం, కొలిచింది ఏమిటి, తేలింది ఏమిటి, మీ అనుమానం. చివరిదాన్ని ఖాళీగా వదలకండి. "సర్వే అన్నారు గానీ ఎంతమందో చెప్పలేదు" లాంటి ముక్క అక్కడ రాసుకుంటే నెల తర్వాత అదే మీకు టాపిక్ అవ్వొచ్చు.

దశ D వరసలోనూ ఆధారం రకం E వరసలోనూ ఉంటే, గడిలో లెక్క ఇలా వస్తుంది:

```
=COUNTIFS(D:D,"నూర్పు",E:E,"సర్వే")
```

స్పెల్లింగు ప్రతిసారీ ఒక్కలాగే ఉండాలి. "సర్వే" ఒకచోట, "సర్వేలు" ఇంకోచోట రాస్తే గడిలో సున్నా చూపించి మిమ్మల్ని సంబరపెడుతుంది.

అడ్డ వరసల్లో ఏం పెట్టాలి, నిలువు వరసల్లో ఏం పెట్టాలి?

ఒకవైపు మీ సబ్జెక్ట్‌లోని దశలో అంశాలో పెట్టండి. రెండోవైపు ఆధారం ఎలా వచ్చిందో పెట్టండి. ఒకవైపు అంశం, ఇంకోవైపు జిల్లా పెట్టేవాళ్ళున్నారు. దాన్నుంచి "ఫలానా జిల్లాలో చేయలేదు" అన్న నీరసమైన గ్యాపులే వస్తాయి. కోరాపుట్‌లో తేలింది రాయగడలో ఎందుకు వేరుగా ఉంటుందో చెప్పలేకపోతే, జిల్లా మార్చి అదే పని చేయడానికి అర్థం లేదు.

గుణుపురం దగ్గర్నుంచి ఒకమ్మాయి ఎంఏ ఎకనామిక్స్ డిసర్టేషన్ కోసం వచ్చింది. వాళ్ళకి పిండి మర ఉంది. ఆ అమ్మాయితో కూర్చుని పెట్టుకున్న వరసలే కింద ఇచ్చాను. అంకెలు మాత్రం పద్ధతి అర్థం కావడానికి నేను వేసినవి, ఎక్కడా ఉదహరించకండి.

| | పరిశోధనా క్షేత్రంలో | రైతు పొలంలో, ఇంట్లో కొలత | ఇంటింటి సర్వే | ముఖాముఖి, పరిశీలన |
|---|---|---|---|---|
| విత్తనం, సాగు | 14 | 6 | 5 | 1 |
| నూర్పు, శుద్ధి | 4 | 0 | 1 | 0 |
| నిల్వ | 2 | 0 | 0 | 0 |
| అమ్మకం | 0 | 0 | 6 | 2 |
| తిండి | 3 | 0 | 4 | 1 |

కూడితే 49 వస్తుంది, అంటే 49 పేపర్లున్నాయని కాదు. సాగు మీదా అమ్మకం మీదా రాసిన ఒకే పేపరు రెండు గడుల్లో కూర్చుంటుంది. పేపర్ల సంఖ్య వేరు, గడుల్లో టిక్కుల సంఖ్య వేరు. వైవాలో ఈ ప్రశ్న వస్తుంది.

గడిలో సున్నా ఉంది. ఇక టాపిక్ దొరికినట్టేనా?

కంగారు పడకండి, అసలు పని ఇప్పుడే మొదలైంది. పై పట్టికలో సున్నాలు ఎనిమిదున్నాయి. వాటిలో కొన్నిటిని పట్టుకుని చూద్దాం.

అమ్మకం, పరిశోధనా క్షేత్రం కలిసే గడి. ప్రయోగ మడిలో అమ్మకం జరగదు. ఆ గడికి అర్థమే లేదు, కొట్టేయండి.

నిల్వ వరసలో మూడు సున్నాలు ఊరిస్తాయి. ఆ అమ్మాయి మొదట వాటినే పట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మని అడిగి రమ్మన్నాను. "చోళ్ళకి పురుగేం పడుతుందే, ఏళ్ళ తరబడి గాదెలో ఉంటాయి" అందట ఆవిడ. నిజమే. గింజ మరీ చిన్నది, పురుగు అంత తేలిగ్గా పట్టదు, వానలు లేని ఏడాదికి ఆదుకునే ధాన్యంగా చోళ్ళను దాచుకోవడానికి కారణం అదే. అక్కడ పెద్ద సమస్య లేదు కాబట్టే పరిశోధన రాలేదు. అలాంటి ఖాళీలోకి దిగితే ఆరు నెలలు తిరిగి "నష్టం పెద్దగా లేదు" అని రాసి రావాలి. అదీ ఫలితమే, కాదనను, కానీ ఎంఏ డిసర్టేషన్‌కి అంత గుండె ధైర్యం అక్కర్లేదు.

ఇక నూర్పు, శుద్ధి వరస. ఇంట్లో కొలత సున్నా, ముఖాముఖి సున్నా, సర్వే ఒకటి. ఇది నిజమైన ఖాళీయా, మన వెతుకులాటలో లోపమా? ముందు పదాలు మార్చి మళ్ళీ వెతికాం. నూర్పును వ్యవసాయ ఇంజినీరింగ్ వాళ్ళు ఒక మాటతో రాస్తే, స్త్రీల శ్రమ మీద రాసినవాళ్ళు ఇంకో మాట వాడతారు. పంట పేరు లేకుండా "కోత తర్వాతి పనులు" అన్న టైటిల్ కింద దాగినవీ ఉంటాయి. అలా రెండో విడతలో కొన్ని వచ్చాయి.

వచ్చినవాటిలో ఒక మోసం కనిపించింది. "మిల్లెట్ ప్రాసెసింగ్" అని టైటిల్ ఉన్నవి తెరిచి చూస్తే లోపల ఉన్నది సామలు. సామకు పొట్టు తీయాలి, అది దంపుడు పని, ఆడవాళ్ళ నడుం విరిగే పని. చోళ్ళకు అలాంటి పొట్టు తీసే పని ఉండదు. నూర్చి, తూర్పారబట్టి, రాళ్ళూ మన్నూ ఏరేస్తే నేరుగా మరకు వెళ్తాయి, గింజ పైపొరతో సహా పిండి అవుతుంది. కాబట్టి సామల పేపర్లు మన గడిని నింపలేవు. ఖాళీ అనుకున్నది నిండి ఉండటం ఎంత తప్పో, నిండిందనుకున్నది లోపల ఖాళీగా ఉండటమూ అంతే. షీటులో "పంట" వరస వేరుగా పెట్టమన్నది ఇందుకే.

చివరి పరీక్ష మనుషుల దగ్గర. మండీకి చోళ్ళు తెచ్చినవాళ్ళను ఇద్దరు ముగ్గుర్ని అడగండి, ఎందుకు తిప్పి పంపారని. తేమ, లేకపోతే రాళ్ళూ మన్నూ. కొనుగోలు కేంద్రంలో "ఎఫ్ఏక్యూ" అనే మాట వినబడితే ఈ పేజీ గురించి అనుకోకండి, అది సరుకు సగటు నాణ్యత కొలమానం. ఒడిశా మిల్లెట్స్ మిషన్ 2017లో ఏడు జిల్లాల్లో మొదలయ్యాక, మద్దతు ధరకు ప్రభుత్వ కొనుగోలు వచ్చాక, నూర్చే కళ్ళంలో కలిసే మన్ను ఇంటి సంగతిగా మిగల్లేదు, డబ్బు సంగతయింది. అంటే జవాబు ఎవరికో కావాలి. గడి ఖాళీగా ఉంది, కారణం తెలిసింది, అవసరం ఉంది. ఇప్పుడు దాన్ని గ్యాప్ అనొచ్చు.

నిండిన గడిలో టాపిక్ దొరకదా?

దొరుకుతుంది. నాకైతే అక్కడే మంచివి దొరుకుతాయనిపిస్తుంది. వైద్య పరిశోధనలో సమీక్షలనుంచి గ్యాపులు తీసే పద్ధతిని కరెన్ రాబిన్సన్ బృందం 2011లో ప్రచురించింది. ఏదైనా ప్రశ్నకు జవాబు ఎందుకు లేదో వాళ్ళు నాలుగు కారణాలుగా విడదీశారు. సమాచారం చాలకపోవడం, ఉన్నది ఒకవైపు మొగ్గి ఉండటం, ఒకదానికొకటి పొంతన కుదరకపోవడం, అడగాల్సినదాన్ని కాక ఇంకోదాన్ని కొలవడం. మొదటిది గడిలో అంకె చూస్తే తెలుస్తుంది. మిగతా మూడూ గడి లోపలికి వెళ్తే గానీ తెలియవు.

సాగు గడిలో 14 పేపర్లున్నాయి అనుకోండి. ఒకటి విడిచి ఒకటి నారు పోసి నాటితే దిగుబడి పెరిగింది అంటుంది. మీరు "కొలిచింది" వరస చూస్తే, అన్నీ హెక్టారుకి క్వింటాళ్ళు కొలిచాయి, నాటడానికి పట్టిన కూలి రోజులు ఒక్కరూ కొలవలేదు. కొండ వాలులో వెదజల్లే రైతు ఎందుకు మారడం లేదో క్వింటాళ్ళు చెప్పవు. ఇది నాలుగో రకం గ్యాప్. గడిలో 14 ఉన్నా ఆ ప్రశ్న దగ్గర సున్నాయే.

పేపర్ల చివర `further research is needed` అని ఉంటుంది కదా, అదే టాపిక్‌గా తీసుకోవచ్చా?

అది మర్యాద వాక్యం. పెళ్ళి భోజనం దగ్గర "ఇంకొంచెం వడ్డించమంటారా" అన్నట్టు. రచయితలు అక్కడ తాము తర్వాత చేయబోయేదో, చేయలేకపోయినదో రాస్తారు. మూడు వేర్వేరు బృందాలు ఒకే విషయం అడిగితే మాత్రం షీటులో రాసుకోండి. పాత పేపరైతే `Cited by` నొక్కి, ఈపాటికే ఎవరైనా చేసేశారేమో చూడండి.

గడి దొరికింది. దాన్నుంచి టైటిల్ ఎలా రాయాలి?

టైటిల్ తర్వాత, ముందు ప్రశ్న. ఆ అమ్మాయి మొదట రాసుకొచ్చింది "రాయగడ జిల్లాలో చోళ్ళ కోత అనంతర నిర్వహణ: ఒక అధ్యయనం". ఇందులో ప్రశ్న లేదు. ఏం కొలుస్తావు, దేనితో పోలుస్తావు, ఎక్కడ, ఎప్పుడు, ఈ నాలుగూ అడిగితే ఇలా మారింది: మట్టి కళ్ళంలో, టార్పాలిన్ మీద, తారు రోడ్డు మీద, యంత్రంతో నూర్చిన చోళ్ళలో రాళ్ళూ మన్నూ ఎంతెంత కలుస్తున్నాయి? వాటిని ఏరడానికి ఆ ఇంటి ఆడవాళ్ళకు బస్తాకి ఎన్ని గంటలు పడుతోంది?

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. రెండు పంచాయతీల్లో 40 ఇళ్ళు. ప్రతి ఇంటా శుద్ధి చేయని గింజ అర కిలో, బస్తా పైనుంచీ మధ్యనుంచీ అడుగునుంచీ కలిపి తీసుకోవాలి, ఎందుకంటే రాళ్ళు అడుక్కి దిగుతాయి. జల్లించి, ఏరి, గ్రాములో పదో వంతు దాకా చూపే త్రాసు మీద తూచాలి. అయిదు గ్రాములు వస్తే ఒక శాతం. గంటల సంగతి అడిగి రాసుకుంటే నమ్మకం తక్కువ, కనీసం పదిళ్ళలో పక్కన కూర్చుని చూడాలి. సవర, కువి మాట్లాడే ఇళ్ళకు వెళ్తే ఆ భాష వచ్చిన ఊరి మనిషిని వెంట పెట్టుకోండి. మనకి వచ్చిన ఒడియా, వాళ్ళకి వచ్చిన ఒడియా కలిసి సగం మాట మింగేస్తాయి.

దీని హద్దు కూడా సినాప్సిస్‌లోనే రాయండి. 40 ఇళ్ళతో జిల్లా సగటు చెప్పలేం. ఒక్క పంటకాలం కాబట్టి కోతల వేళ తుపాను వచ్చిన ఏడాది ఎలా ఉంటుందో చెప్పలేం. నాలుగు పద్ధతుల మధ్య తేడా పెద్దదైతే కనిపిస్తుంది, చిన్నదైతే ఈ సంఖ్యతో కనిపించకపోవచ్చు.

డిసర్టేషన్‌కి నాలుగైదు నెలలే ఉంది. ఈ టాపిక్ కుదురుతుందా?

క్యాలెండర్ చూడకుండా గ్యాప్ ఎంచుకుంటే ఇక్కడే దొరికిపోతారు. మన వైపు ఖరీఫ్ చోళ్ళు నవంబరు, డిసెంబరులో కోతకొస్తాయి. డిసర్టేషన్ సెమిస్టర్ జనవరిలో మొదలై టాపిక్ ఫిబ్రవరిలో ఖాయమైతే అప్పటికి కళ్ళం ఊడ్చేసి ఉంటుంది. ఆ అమ్మాయి విషయంలో అదే అయింది. నూర్పు చూడటం కుదరలేదు. ఇళ్ళలో ఇంకా శుద్ధి చేయకుండా ఉన్న బస్తాల నుంచి నమూనాలు తీసుకుని, ఎలా నూర్చారో అడిగి రాసుకునేలా ప్రశ్నను మార్చాం. గంటల భాగం వదిలేశాం. ఏడ్చింది గానీ, వదిలేయకపోతే ఇంకా ఏడ్చేది. పీహెచ్‌డీ వాళ్ళకైతే ఈ బాధ లేదు, ముందు ఏడాది మ్యాప్, తర్వాతి నవంబరుకి పొలం.

గైడు "ఇది ఆల్రెడీ చేశారు" అంటే?

వాదించకండి. "ఏ పేపరో చెప్పండి సార్, మ్యాప్‌లో పెడతాను" అనండి. చెప్తే చదివి ఏ గడిలో పడుతుందో చూపించండి. పేరు గుర్తు రాకపోతే ఆయన వారం తర్వాత మర్చిపోతారు. రెండూ నేను చూశాను.

ఒడియా, తెలుగు భాషల్లో ఉన్నవి మ్యాప్‌లో చేర్చాలా?

చేర్చాలి, ఆధారం రకం వేరుగా గుర్తు పెట్టి. పత్రికల వ్యాసాలూ స్వచ్ఛంద సంస్థల నివేదికలూ అధ్యయనాలతో సమానం కావు, అలాగని లేనట్టు నటించకూడదు. ఒడియా చదివి తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఇక్కడొక వీలుంది. సరిహద్దుకి రెండు వైపులా ఉన్న కాగితాలు చదవగలరు. ఒడియాలో వెతికేటప్పుడు మాండియా అనే మాటను ఒడియా లిపిలోనే టైపు చేయాలి, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే రావు.

మధ్యలో ఎవరైనా అదే టాపిక్ మీద పేపర్ వేసేస్తే?

గూగుల్ స్కాలర్‌లో మీరు కలిపి రాసుకున్న పదాలు కొట్టి, పక్కన `Create alert` నొక్కి పెట్టుకోండి, మెయిల్ వస్తుంది. నిజంగా వచ్చేస్తే ముందు పద్ధతి భాగం తెరవండి. పది సందర్భాల్లో తొమ్మిదిట్లో వాళ్ళు కొలిచింది వేరుగా ఉంటుంది, లేదా ఇంకో దశ అయి ఉంటుంది. దాన్ని మ్యాప్‌లో కొత్త వరసగా చేర్చి, మీ ప్రశ్నలో ఏ ముక్క ఇంకా మిగిలిందో చూసుకోండి. ఫైలు పేరు చివర తేదీ పెట్టి కొత్త కాపీగా సేవ్ చేయండి. పాతది చెరపకండి, మీరు టాపిక్ ఎంచుకున్న రోజున ఆ గడి ఖాళీగానే ఉందని చూపించేది ఆ ఫైలే.